"అమాయక గిరిజనులు" అనే మాట కొట్టేద్దాం: చిగురుపన్ను, చింతపండు, రైలు కథ

పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చేసుకొని చదవండి, తప్పనిపిస్తే కింద రాయండి.

డిగ్రీలో గానీ, గ్రూప్స్ ప్రిపరేషన్‌లో గానీ మనందరం ఒక ప్రశ్న చదువుతాం. బ్రిటిష్ పాలనలో పన్నులు, వాణిజ్య పంటలు, రైల్వేలు స్థానిక ఆర్థిక వ్యవస్థను ఎలా మార్చాయి? జవాబు కూడా మనకు నోటికి వచ్చు. శాశ్వత శిస్తు, నీలిమందు, పత్తి, రైలు పట్టాలు, సంపద తరలింపు. మన కొండల గురించి మాత్రం చివర్లో ఒక్క వాక్యం ఉంటుంది: అమాయక గిరిజనులను వడ్డీ వ్యాపారులు మోసగించారు, అందుకే వారు తిరగబడ్డారు. అంతే, మార్కులు పడిపోతాయి.

ఆ వాక్యంలో "అమాయక" అనే మాట తప్పు అని మా అభిప్రాయం. మర్యాద కోసం అంటున్న మాట కాదిది, లెక్క ప్రకారమే తప్పు. మన ముత్తాతలకు లెక్క రాక మునిగిపోలేదు. ఎంత లెక్క వచ్చినవాడైనా మునిగిపోయేలా ఆ ఏర్పాటు ఉంది. అది అర్థం కావాలంటే దేశం మొత్తం కథ అక్కర్లేదు. గోదావరి పక్కన మన రంప కొండల్లో 1879కి ముందు ఏం జరిగిందో చూస్తే చాలు.

ముందు పన్ను సంగతి. రంప ప్రాంతానికి మన్సబుదారు అని ఒక పెద్ద ఉండేవాడు, ఆయన కింద ముఠాలు, ముఠాదార్లు. 1813లో కంపెనీవాళ్లు ఆయనతో చేసుకున్న ఏర్పాటు ప్రకారం ఆయన ప్రభుత్వానికి కప్పం కట్టనక్కర్లేదు, కొండల్లో గొడవలు లేకుండా చూస్తే చాలు. కాబట్టి చాలాకాలం బ్రిటిష్ వాళ్ల పన్ను నేరుగా మన గడప తొక్కలేదు. అంతమాత్రాన అది స్వర్ణయుగమని చెప్పడం లేదు. ముఠాదార్లకు ఇవ్వాల్సింది ఉండేది, వెట్టి ఉండేది. కానీ ఇచ్చేది ఎక్కువగా గింజగానో, పనిగానో పోయేది. పండినప్పుడు ఇచ్చేవాళ్లు, పండకపోతే బతిమాలుకునేవాళ్లు.

ప్రభుత్వం చెయ్యి చివరికి కొండల్లోకి వచ్చింది భూమి మీదుగా కాదు, కల్లు కుండ మీదుగా. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ జీలుగు చెట్టు అంటే ఏమిటో మనకు తెలుసు. ఎండాకాలంలో పాత గింజ అయిపోయి, కొత్త పంట ఇంకా చాలా దూరంలో ఉన్నప్పుడు జీలుగు కల్లు మన ఇళ్లల్లో సగం తిండి. అప్పటికే మన్సబుదారు గీతమీద "చిగురుపన్ను" అని వసూలు చేసేవాడు. తర్వాత అబ్కారీ నిబంధనలు వచ్చాయి. సొంతానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైంది. గీత హక్కును కౌలుకి ఇచ్చారు, కౌలుదార్లు డబ్బు కోసం ఇళ్ల మీదకు వచ్చారు. దాని మీద ఇంకొక మాట పుట్టింది: చిగురుపన్నుకు తోడు "మొదలుపన్ను" అని మరొకటి వేస్తారట, అది పాతదానిలో సగమో, మూడింట రెండు వంతులో ఉంటుందట. 1879 మార్చిలో మంట అంటుకోవడానికి దగ్గరి కారణం ఇదే.

ఇక్కడ మనం అసలు గమనించాల్సింది పన్ను ఎంత అని కాదు, అది ఏ రూపంలో కట్టాలి అని. మన చెట్టు, మన కుండ, మన చెయ్యి. ఇందులో ఎక్కడా రూపాయి లేదు. కానీ కౌలుదారుకు రూపాయి కావాలి, ఎందుకంటే అతను పైవాడికి రూపాయే కట్టాలి. కల్లు ఇస్తానంటే కుదరదు, సామలు ఇస్తానంటే కుదరదు. అణాలే కావాలి. మరి కొండమీద అణాలు ఎక్కడ దొరుకుతాయి? ఒక్క గుమ్మంలోనే. కింద నుంచి ఉప్పు, బట్ట తెచ్చి, మన చింతపండు, పసుపు, కరక్కాయ పట్టుకెళ్లే షావుకారు దగ్గర.

ఇలాంటిదే రేకపల్లిలోనూ జరిగింది. ఇప్పుడది వరరామచంద్రాపురం మండలం. భద్రాచలం తాలూకాతో పాటు ఆ ప్రాంతం 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రభుత్వం కిందకి మారింది. అంతకుముందు అక్కడ పోడుకి పన్ను గొడ్డలి లెక్కన ఉండేది. ఒక గొడ్డలికి నాలుగణాలు, అంటే పావు రూపాయి. మద్రాసు వాళ్లు వచ్చాక అది మూడింతలు అయింది, పైగా కొన్ని అడవుల్లో నరకడమే కుదరదన్నారు. పోడు చేసేవాడికి ఈ రెండూ కలిసి రావడమే పెద్ద దెబ్బ. పోడు అంటే రెండు మూడేళ్లు ఒక చోట చేసి, దాన్ని వదిలి, అడవి మళ్లీ లేచేదాకా వేరే చోటికి పోవడం. వెళ్లే చోట్లు తగ్గిపోతే పాత చోటికే తొందరగా తిరిగి రావాలి. నేలకి విశ్రాంతి ఉండదు, గింజ తగ్గుతుంది. అంటే పండేది తగ్గుతూ ఉంటే కట్టాల్సింది పెరిగింది. 1879 జూలైకి తిరుగుబాటు రేకపల్లికి పాకిందంటే ఆశ్చర్యం ఏముంది?

ఇప్పుడు రెండోది, వాణిజ్య పంట. పుస్తకంలో వాణిజ్య పంట అనగానే నీలిమందు, పత్తి, పొగాకు అని ఉంటుంది, రైతు చేత బలవంతంగా వేయించారని ఉంటుంది. మన కొండల్లో కొత్తగా ఏదీ నాటించనక్కర్లేకపోయింది. చింతచెట్టు ఎప్పటినుంచో అక్కడే ఉంది. చెట్టు మారలేదు, చెట్టుకి కాయ రాకముందే ఆ కాయ ఎవరిదో తేలిపోవడం మొదలైంది. వాణిజ్య పంట అవ్వడం అంటే మన దగ్గర అర్థం ఇదే.

కింద డెల్టాలో ఏం జరిగిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలు తవ్వారు, వరి పెరిగింది, పడవల మీద సరుకు కాకినాడ రేవుదాకా పోయింది. డెల్టాలో చేతిలో డబ్బున్నవాళ్లు పెరిగారు, ఆ డబ్బు తిప్పుకోవడానికి చోటు వెతికారు. అందులో కొంత కొండెక్కింది. ఇది మనలో చాలామందికి తెలియని లింకు. కింద బాగుపడటం, పైన అప్పు పెరగడం పక్కపక్కనే నడిచాయి.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. అంకెలు మేము అనుకున్నవి, పద్ధతి మాత్రం అప్పటిదే. శ్రావణ మాసం. వాన, జ్వరాలు, ఇంట్లో గింజ లేదు, మామిడి టెంక అంబలితో నడుస్తోంది. పన్ను మనిషి వచ్చి కూర్చున్నాడు. ఇంటాయన షావుకారు దగ్గర ఐదు రూపాయలు తీసుకున్నాడు. ఒప్పందం ఏమిటంటే ఫాల్గుణంలో ఇరవై కావిళ్ల చింతపండు ఇవ్వాలి. అంటే కావిడికి నాలుగణాలు. ఫాల్గుణంలో కింద సంతలో కావిడి ఎనిమిదణాలు పలుకుతుందని ఇంటాయనకూ తెలుసు. తెలిసినా ఏం చేస్తాడు? ఫాల్గుణం ధర శ్రావణంలో అన్నం పెట్టదు.

ఆ ఏడు కాపు సరిగ్గా రాలేదు. పద్నాలుగు కావిళ్లే అయ్యాయి. అవి సంతకు తీసుకెళ్తే ఏడు రూపాయలు వచ్చేవి, ఐదు రూపాయల అప్పు తీరి రెండు మిగిలేవి. కానీ ఒప్పందం డబ్బు మీద లేదు, సరుకు మీద ఉంది. కాబట్టి ఇచ్చిన పద్నాలుగుకీ పాత ధరే, మూడున్నర రూపాయలు జమ. తక్కువపడ్డ ఆరు కావిళ్లకి మాత్రం ఫాల్గుణం ధర, మూడు రూపాయలు బాకీ. దానికి వడ్డీ కలిపి, రాతకూలి కలిపి మళ్లీ ఐదు రూపాయల కాగితం తయారవుతుంది. తీసుకున్న ఐదుకి ఏడు రూపాయల సరుకు ఇచ్చినా ఇంకా ఐదు అప్పు ఉంది. ఇందులో ఎక్కడైనా ఇంటాయన అమాయకత్వం కనిపించిందా? ప్రతి అడుగులోనూ అతను ఉన్నవాటిలో మంచిదే ఎంచుకున్నాడు. ఉన్నదే ఒక్క దారి, అది వేరే సంగతి.

ఇక్కడితో ఆగి ఉంటే అది పాతకాలపు అప్పుల కథే. షావుకారు ముందూ ఉన్నాడు, మోసం ముందూ ఉంది. కానీ పాతకాలంలో అప్పు మరీ ఎక్కువైతే మనవాడు రాత్రికి రాత్రి ఇల్లు విప్పుకొని వేరే కొండకి పోయేవాడు. షావుకారుకి ఆ భయం ఉండేది, అందుకే మరీ గట్టిగా పిండేవాడు కాదు. బ్రిటిష్ వాళ్లు తెచ్చిన అసలు మార్పు ఏమిటంటే, ఆ కాగితం వెనక సివిల్ కోర్టు నిలబడింది. అప్పుడు షావుకారుకి ఆ భయం పోయింది.

అది ఎలా పనిచేసేదో 1907లో అచ్చయిన గోదావరి జిల్లా గెజిటీర్‌లో, హెమింగ్‌వే అనే వాళ్ల అధికారి రాసినదాంట్లోనే ఉంది. కింద నుంచి వచ్చిన వ్యాపారులు కొండవాళ్లతో ఒప్పందాలు చేసుకునేవారు. అవి తీరకపోతే కోర్టులో దావా వేసేవారు. మనవాళ్లు కోర్టుకి హాజరయ్యేవాళ్లు కాదు కాబట్టి ఒకవైపు మాటే విని డిక్రీ ఇచ్చేవారు. తర్వాత అమీనాతో వచ్చి చేతికందింది జప్తు చేసుకుపోయేవారు. ఐదు రూపాయల బాకీకి నూరు రూపాయల పశువులు, గింజలు పట్టుకుపోయిన సందర్భాలు ఉన్నాయని చెప్పుకునేవారట. ఇదంతా ఎందుకని అడిగితే, "మాదేముంది, ఇది సర్కారు రూలు" అని వ్యాపారులే చెప్పేవారట. మనవాళ్ల కోపం షావుకారు మీద నుంచి సర్కారు మీదకి మళ్లింది. నిజానికి ఆ రూలు సర్కారుదే కదా!

హాజరు ఎందుకు కాలేదు అంటే "భయం, తెలియక" అని రాస్తారు. లెక్క వేద్దాం. కొండ దిగి కోర్టుకి పోవాలంటే రోజుల నడక. వాయిదా పడితే మళ్లీ నడక. అది పోడు కాపలా కాయాల్సిన కాలమైతే పంట పందుల పాలు. అక్కడ కాగితం రాసేవాడికి ఇవ్వాలి, మన మాట వాళ్లకు చెప్పేవాడికి ఇవ్వాలి. ఐదు రూపాయల దావా గెలవడానికి పది రూపాయల నష్టం. అలాంటప్పుడు పోకపోవడం తెలివితక్కువ పనా?

ఆ గెజిటీర్‌లో కూడా కొండవాళ్ల అమాయకత్వాన్ని వ్యాపారులు వాడుకున్నారనే ధోరణి ఉంది. మన పాఠ్యపుస్తకాల్లోని మాటకు మూలం అక్కడే అనిపిస్తుంది మాకు. ఆ మాట వాళ్లకు బాగా ఉపయోగపడుతుంది. తప్పు మన బుద్ధిలో ఉందంటే కోర్టు, అబ్కారీ, నాణెం, ఏవీ మార్చనక్కర్లేదు కదా.

తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య, బొడులూరు అంబుల్ రెడ్డి వంటివాళ్ల ఆధ్వర్యంలో తిరుగుబాటు రంప నుంచి గొలుగొండ కొండలకి, రేకపల్లికి పాకింది. దాన్ని అణచడానికి సైన్యం రావాల్సి వచ్చింది. తర్వాత సర్కారు ఏం చేసిందో చూడండి. మన్సబుదారుని తీసేశారు, ముఠాదార్లకు నేరుగా సనదులు ఇచ్చారు, సొంత వాడకానికి కల్లు గీసుకోవడం పన్ను లేకుండా వదిలేశారు, ఈ ప్రాంతాన్ని మామూలు కోర్టుల కింద నుంచి తప్పించి ఏజెన్సీ పాలనలో పెట్టారు. అంటే కారణాలు ఏమిటో వాళ్లకు బాగానే అర్థమయ్యాయి. మనవాళ్లు కరెక్టుగా ఎక్కడ నొప్పి ఉందో అక్కడే కొట్టారు. అది అమాయకులు చేసే పని కాదు.

మూడోది రైలు. కొండ పైకి రైలు బ్రిటిష్ కాలంలో రాలేదు. మన అరకు లైను 1960లలో వేసింది, బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి చేర్చడానికి. బ్రిటిష్ వాళ్ల లైను కింద తీరం వెంబడి పోయింది. 1890లలో విజయవాడ నుంచి పైకి లైను పడింది, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన తెరిచారు. రైలు మన ఊరికి రాలేదు కాబట్టి మనకు సంబంధం లేదనుకోవడం పొరపాటు. దాని ప్రభావం రెండు దారుల్లో పైకి ఎక్కింది.

ఒకటి అడవి. రైలు పట్టాల కింద వేసే చెక్క దిమ్మలను స్లీపర్లు అంటారు. ఒక మైలు లైనుకి సుమారు 1760 నుంచి 2000 స్లీపర్లు కావాలి, అవి కొన్నేళ్లకు పుచ్చిపోతే మళ్లీ వేయాలి. అందుకు పనికొచ్చే గట్టి కలప టేకు, సాల, దేవదారు లాంటి కొన్నే. అప్పటినుంచి అడవిలో విలువైనది ఏది, పనికిరానిది ఏది అని చూసే కన్ను మారింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, రిజర్వులు గీశారు. పోడు మంట టేకు మొక్కని కాల్చేస్తుంది కాబట్టి పోడు నేరమైంది. రైల్వే ఒక్కటే కారణం అనడం అతి, ఓడలకీ ఇళ్లకీ కూడా కలప కావాలి, అడవి ఆదాయం కూడా కావాలి. కానీ ఎడతెగకుండా, ఏటా కలప అడిగే కొనుగోలుదారు రైల్వే లాంటిది అంతకుముందు లేదు.

రెండోది ధర. రైలు వచ్చాక కింది వ్యాపారి చింతపండుని మద్రాసుకి పంపగలడు, కలకత్తాకి పంపగలడు. ఎక్కడ ధర ఉంటే అక్కడికి. తంతి వచ్చాక ఆ ధర అతనికి అదే రోజు తెలుస్తుంది. పైన ఉన్నవాడికి మాత్రం సంతకి వచ్చిన ఇద్దరు ముగ్గురు చెప్పిందే ధర. అందులో ఒకరికి అతను ఇప్పటికే బాకీ. రైలు ఊళ్ల మధ్య ధరల తేడా తగ్గించింది అని ఆర్థిక శాస్త్రంలో చెప్తారు, అది నిజమే. కానీ ఆ లాభం స్టేషన్ దగ్గర ఆగిపోయింది. స్టేషన్‌కీ కొండకీ మధ్య తేడా ఎవరి సంచిలో పడిందో మనకు తెలుసు.

స్టేషన్ నుంచి కొండ దాకా దారి కావాలి కాబట్టి ఘాటు రోడ్లు మొదలయ్యాయి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్ల చేత సరైన కూలి లేకుండా చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, మల్లు దొర వాళ్లు మొదట చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదకి వెళ్లడం వెనక ఆ రోడ్డు కూడా ఉంది. మన సరుకు కిందకి దిగే దారిని మన చేతే ఊరికే వేయించుకున్నారు.

అయితే సర్కారు ఈ లోపల ఏమీ చేయలేదా అంటే, చేసింది. 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చారు. వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదు, ఏజెంటు అనుమతి లేకుండా కొండవాళ్ల భూమి బయటివాళ్లకు పోకూడదు అన్నారు. మన 1/70 చట్టానికి అది ముత్తాత లాంటిది. మంచిదే. కానీ పైన వేసిన లెక్క మళ్లీ చూడండి. అందులో నష్టం ఎక్కువగా ఎక్కడ జరిగింది? వడ్డీలో కాదు. ఎనిమిదణాల సరుకుని నాలుగణాలకి ముందే కట్టేయడంలో. ఆ నాలుగణాల తేడా కాగితం మీద వడ్డీ అని ఎక్కడా రాయరు, కాబట్టి వడ్డీ చట్టానికి అది దొరకదు. సరుకు కొనడానికి ఇంకో గుమ్మం తెరవాలనే ఆలోచన 1956లో జీసీసీ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

మా వాదన ఇంతే. పన్ను అణాలు అడిగింది, అణాలు ఒక్క గుమ్మంలోనే దొరికాయి, ఆ గుమ్మం వెనక కోర్టు నిలబడింది, అడవి మూసుకుపోయి వేరే దారి లేకుండా పోయింది, రైలు ఆ గుమ్మంవాడికి దేశమంతా సంత తెరిచింది. ఇందులో మన తెలివి ఎక్కడా తక్కువ కాలేదు.

ఇది పరీక్ష కోసం మాత్రమే రాయలేదు. ఇప్పటికీ మన ఊళ్లల్లో చింతపండుకి, కాఫీకి, జీడిపిక్కలకి అడ్వాన్సు తీసుకునే ఇళ్లు ఉన్నాయి. అవసరం వానాకాలంలోనో, కాలేజీ ఫీజుల సమయంలోనో వస్తుంది, సరుకు ఎండాకాలంలో వస్తుంది. దాన్ని చూసి "మనవాళ్లకు తెలివి లేదు" అని మనమే అంటున్నాం, చదువుకున్నవాళ్లమే. అది గెజిటీర్ మాట మన నోట్లోంచి రావడమే. అలా అనే ముందు సెలవులకు ఇంటికెళ్లినప్పుడు నాలుగు విషయాలు అడగండి. అడ్వాన్సు ఏ నెలలో తీసుకున్నారు? తీర్చేది డబ్బుగానా, సరుకుగానా? సరుకైతే ధర ఏ రోజుది? తక్కువపడితే మిగిలినదానికి ఏ ధర కడుతున్నారు? చివరి రెండు ప్రశ్నలకు వేర్వేరు ధరలు జవాబుగా వస్తే 1879 నాటి లెక్కే ఇంకా నడుస్తోందని అర్థం. ఇంటి పేరు అక్కర్లేదు, సరుకు పేరు, నెల, రెండు ధరలు కింద కామెంట్లో రాయండి. కనీసం ఒక యాభై ఇళ్ల లెక్క వస్తే, జీసీసీ కొనుగోళ్లు ఏ నెలలో మొదలవ్వాలి, ముందస్తు డబ్బు ఏ నెలలో ఇవ్వాలి అనేది ఐటీడీఏ వాళ్లను అంకెలతో అడగొచ్చు.

పరీక్షలో ఆ ప్రశ్న వస్తే మాత్రం "అమాయక" అనే మాట లేకుండా రాయండి. కాగితం దిద్దేవాళ్లు అడిగితే పై లెక్క చూపించండి.